ఎవరిని అడగాలి, ఎంతకాలం ఆగాలి: ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాళ్ల ఉద్యోగ లెక్క

తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకైందని 2023 మార్చిలో ఆ పరీక్షను రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌ను పక్కనపెట్టి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్ అయ్యాయి. 2022లో డిగ్రీ పూర్తిచేసి అశోక్‌నగర్‌లో గది తీసుకున్న 22 ఏళ్ల మనిషికి, మొదటి మెయిన్స్ రాసేసరికే రెండున్నరేళ్లు అయిపోయాయి.

ఆ రెండున్నరేళ్లు అందరికీ ఒకేలా గడవలేదు. తండ్రి సెక్షన్ ఆఫీసరో మేనమామ బ్యాంకు మేనేజరో అయిన ఇంట్లో ఎవరో ఒకరు ముందే చెబుతారు: "ఇది కోర్టుకు పోయేలా ఉందిరా, ఈలోపు బ్యాంకు పరీక్ష రాయి, రెండు పనులూ నడిపించు." మన వాడల నుంచి మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లలకు ఆ మాట చెప్పే మనిషి ఉండడు. అమ్మానాయినలకు తెలిసింది బిడ్డ పట్నంలో చదువుతోందని మాత్రమే. లీకేజీలకూ రద్దులకూ జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమే, ఆ పోరాటం వేరే నడుస్తూనే ఉంటుంది. ఈ వ్యాసంలో మాత్రం ఆ మేనమామ చేసే పనిని మనమే ఎలా చేసుకోవాలో చూద్దాం.

పరిచయాలు అనగానే మనవాళ్లు సిఫార్సు అనుకుంటారు. సిఫార్సులు లేవని కాదు. కానీ ఉద్యోగస్తుల ఇంట్లో పిల్లలకు అంతకంటే ముందు అందేవి రెండున్నాయి. ఒకటి సమాచారం. ఫలానా పని ఉంటుందని, దానికి ఎలా తీసుకుంటారని, చేతికి ఎంత వస్తుందని వాళ్లు అన్నం తింటూనే వింటారు. రెండోది, ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి. ఈ రెండూ డబ్బులేకుండా సంపాదించుకోగలిగినవే. అయితే ఓపిక కావాలి, కొంత సిగ్గు విడిచిపెట్టాలి.

మాకు బాగా తెలిసిన ముగ్గురి అనుభవాలను కలిపి ఒక మనిషి కథగా చెబుతున్నాం. పేర్లూ ఊళ్లూ చెప్పడం లేదు. ఆమె బీకాం కంప్యూటర్స్ చదివింది. తండ్రి సుతారి మేస్త్రీ దగ్గర కూలి, తల్లి పొలం పనులకు పోతుంది. సంక్షేమ హాస్టల్లో ఉండి చదివింది. డిగ్రీ కాగానే గ్రూప్-2 కోసం హైదరాబాద్ వచ్చింది. ఏడాదిన్నర తర్వాత మమ్మల్ని కలిసి "అన్నా, ఇంకా చదవాల్నా, ఇంటికి పోవాల్నా" అని అడిగింది.

మేం మొదట లెక్క రాయించాం. హాస్టల్ 6,000, రీడింగ్ రూమ్ 800, ఫోను, బస్సు, జిరాక్సులు కలిపి 1,200. నెలకు 8,000. ఇంటి నుంచి 5,000 వచ్చేది, మిగతా 3,000 ట్యూషన్లు చెప్పి తెచ్చుకునేది. కోచింగ్ కోసం తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి 30,000 తెచ్చాడు. అంటే నెలకు 600 వడ్డీ. ఏడాదిన్నరకు వడ్డీయే 10,800 అయింది, అసలు అట్లాగే ఉంది. ఖర్చులూ కోచింగూ వడ్డీ కలిపితే 1,84,800. ఆమె ఈ అంకెను అంతకుముందు ఎప్పుడూ ఒకచోట రాయలేదు. చాలామంది రాయరు, భయమేస్తుంది గనక. కానీ ఈ కాగితం లేకుండా "ఇంకో ఏడాది చూద్దాం" అనే మాటకు అర్థం లేదు.

తర్వాత ఇంకో కాగితం ఇచ్చి, ఉద్యోగం చేస్తున్నవాళ్లలో నువ్వు దగ్గరగా చూసినవాళ్ల పేర్లు రాయమన్నాం. టీచర్, కానిస్టేబుల్, నర్సు, ఆర్టీసీ కండక్టర్, బ్యాంకులో అటెండర్. ఐదే వచ్చాయి. ఆమె ప్లాన్ మొత్తం ఈ ఐదింటి చుట్టే తిరుగుతోంది. బీకాం చదివిన మనిషి జాబితాలో అకౌంట్స్ పని ఒక్కటీ లేదు, ఎందుకంటే ఆ పని చేసే మనిషిని ఆమె చూడలేదు.

ఎవరిని వెతకాలి

పెద్ద హోదాలో ఉన్నవాళ్లను వెతకడం మనవాళ్లు చేసే మొదటి పొరపాటు. ఐఏఎస్ అయిన అన్నతో ఫొటో దిగొచ్చు, కానీ ఆయన పరీక్ష రాసి ఇరవై ఏళ్లయింది. మీకు కావాల్సింది మీకంటే రెండు నుంచి ఐదేళ్లు ముందున్నవాళ్లు. వాళ్లకు అప్లికేషన్ ఫారం, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న, మొదటి జీతం ఎంతొచ్చిందో ఇంకా గుర్తుంటాయి.

వాళ్లు దొరికే చోట్లు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. డిగ్రీ కాలేజీలో మీకు కాస్త చనువున్న లెక్చరర్‌ను పోయిన మూడు బ్యాచ్‌లలో ఎవరెవరు ఎక్కడున్నారో అడగండి. ఇద్దరు ముగ్గురి నంబర్లు తప్పక వస్తాయి. సంక్షేమ హాస్టల్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఉంటే అది ఇంకా మంచిది, ఎందుకంటే అక్కడ ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో విడిగా చెప్పుకోనక్కర్లేదు. గురుకులాల్లో చదివినవాళ్లకు స్వేరోస్ నెట్‌వర్క్ ఉంది. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిస్తే `Alumni` అనే ట్యాబ్ కనబడుతుంది, అక్కడ పాత విద్యార్థులు ఏ కంపెనీల్లో ఏ పనిలో ఉన్నారో తెలుస్తుంది. చిన్న కాలేజీకి పేజీ లేకపోతే కాలేజీ పేరు సెర్చ్‌లో కొట్టి `People` ఎంచుకోండి.

మనవాళ్లు దాదాపు వాడుకోని చోటు ఒకటుంది. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో, కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంక్షేమ సంఘాలున్నాయి. రిజర్వేషన్ల అమలు చూడటానికి లైజన్ ఆఫీసర్ అనే అధికారి కూడా ఉంటాడు. ఏప్రిల్ 14న ఈ సంఘాల వాళ్లు ఊరేగింపుల్లో, సభల్లో కనబడతారు. మనం దండ వేసి వచ్చేస్తాం. ఆ రోజే ఒక్క నంబర్ తీసుకుని, వారం తర్వాత ఫోన్ చేస్తే మాట్లాడతారు. తామూ ఎవరూ చెప్పకుండా వచ్చినవాళ్లే గనక మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు మాట్లాడతారని మా అనుభవం.

ఇక ఎలా అడగాలి. "అన్నా, ఏమన్నా జాబ్ ఉంటే చెప్పు" అనే మెసేజ్‌కు జవాబు రాదు. ఎదుటి మనిషి చెడ్డవాడై కాదు, అతని చేతిలో ఇవ్వడానికి ఉద్యోగం లేదు. అతని దగ్గరున్నది అనుభవం, దాన్ని అడగాలి. ఆమె పంపిన మెసేజ్ ఇది:

"నమస్తే అక్కా. నేను మన కాలేజీలోనే బీకాం కంప్యూటర్స్ చదివాను, మీకంటే మూడేళ్లు జూనియర్‌ని. మీరు చేస్తున్న అకౌంట్స్ పని గురించి తెలుసుకోవాలని ఉంది. ఉద్యోగం అడగడం లేదు. ఈ ఆదివారం పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా?"

ఇరవై మందికి పంపింది. ఏడుగురు జవాబిచ్చారు, నలుగురు మాట్లాడారు. పదమూడు మంది పలకకపోవడం మామూలే, దాన్ని అవమానంగా తీసుకోవద్దు. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, ఆ తర్వాత వదిలేయండి. మన ఊరివాళ్లు, హాస్టల్ వాళ్లు అయితే అక్కా, అన్నా అనండి. ఆఫీసులో పరిచయమైన కొత్తవాళ్లను మొదట మేడం, సర్ అనే పిలవండి, వాళ్లే వద్దంటారు.

ఫోన్‌లో ఏం అడగాలో ముందే రాసిపెట్టుకోవాలి. మీకు ఈ పోస్టు ఉందని ఎలా తెలిసింది? అప్లై చేసిన రోజు నుంచి మొదటి జీతం దాకా ఎన్ని నెలలు పట్టింది? ఏ పరీక్ష పెట్టారు, అందులో ఎక్కడ పోతారు? ఆఫర్ లెటర్‌లో రాసింది కాదు, బ్యాంకులో పడేది ఎంత? మామూలు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు? చివరగా, "నేను ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?" ఈ ఆఖరి ప్రశ్న మర్చిపోవద్దు. నలుగురు పది మంది అయ్యేది దాంతోనే.

ఒక అక్క చెప్పిన సంగతి

ఆ నలుగురిలో ఒక సీనియర్ హైటెక్ సిటీలో ఒక విదేశీ కంపెనీ అకౌంట్స్ విభాగంలో చేస్తోంది. పని పేరు అకౌంట్స్ పేయబుల్. కంపెనీకి సరుకు అమ్మినవాళ్లు పంపిన బిల్లును, కంపెనీ ఇచ్చిన కొనుగోలు ఆర్డర్‌నూ, సరుకు అందినట్టు రాసిన రసీదునూ పక్కపక్కన పెట్టి చూడాలి. మూడూ కలిస్తే చెల్లింపుకు పంపాలి. కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో మెయిల్ రాయాలి. బీకాంలో చదివిందే, కానీ డిగ్రీలో ఎవరూ ఈ పేరుతో చెప్పలేదు.

ఆమె ఇంతకుముందు ఇలాంటి ఇంటర్వ్యూకే ఒకసారి పోయి వెనక్కి వచ్చింది. ఇంగ్లీషు రాకే పోయిందనుకుంది. సీనియర్ వివరంగా అడిగి తెలుసుకుని చెప్పింది: "నీది ఇంగ్లీషు సమస్య కాదు. వాళ్లు ఎక్సెల్‌లో రెండు జాబితాలిచ్చి తేడా పట్టమన్నరు. నువ్వు ఒక్కో లైను కళ్లతో చూసుకుంటూ పోయినవ్. టైమైపోయింది." `VLOOKUP` అనే ఫార్ములాతో ఆ పని రెండు నిమిషాల్లో అవుతుంది. కంపెనీ మెయిల్ ఎప్పుడూ "ఎంపిక కాలేదు" అని మాత్రమే వస్తుంది, ఎందుకు కాలేదో రాయదు. కారణం తెలియనప్పుడు మనవాళ్లు దాన్ని ఇంగ్లీషు మీదికో, కులం మీదికో, తమ మీదికో తోసుకుంటారు. కొన్నిసార్లు నిజంగా కులమే కారణం. ఈసారి మాత్రం నెల రోజుల్లో నేర్చుకోగలిగిన ఒక ఫార్ములా.

కులం సంగతి వచ్చింది గనక చెప్పాలి. ప్రైవేటు ఇంటర్వ్యూల్లో "పూర్తి పేరేంటి, ఏ ఊరు, నాన్న ఏం చేస్తారు" అని ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. కులం చెప్పాల్సిన పని లేదు. తండ్రి పని గురించి అడిగితే తడబడకుండా ఒక్క వాక్యం సిద్ధంగా ఉంచుకోవాలి: నాన్న భవన నిర్మాణ పని చేస్తారు, మా ఇంట్లో డిగ్రీ చేసింది నేనే మొదట. అక్కడితో ఆపి, మాటను పని వైపు తిప్పాలి. అబద్ధం చెప్పొద్దని మేం అనేది నీతి కోసం కాదు. ఒకసారి దాచిన సంగతిని ఆఫీసులో ఏళ్ల తరబడి మోయాల్సి వస్తుంది.

తెలిసినవాళ్లు లేనివాళ్ల కోసమే అమీర్‌పేట చుట్టుపక్కల ఒక వ్యాపారం నడుస్తోంది, బ్యాక్‌డోర్ జాబ్ అంటారు. డబ్బు కడితే ఆఫర్ లెటర్, ఇంకొంచెం కడితే రెండేళ్ల అనుభవం సర్టిఫికెట్ ఇస్తామంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు. పరీక్షా ఇంటర్వ్యూ ఏమీ లేకుండా ముందు డబ్బు అడుగుతారు, లెటర్ కంపెనీ ఐడీ నుంచి కాకుండా మామూలు జీమెయిల్ నుంచి వస్తుంది. దొంగ అనుభవం ఇంకా ప్రమాదం. కంపెనీలు మనిషిని చేర్చుకునేటప్పుడు పాత ఉద్యోగం వివరాలను పీఎఫ్ ఖాతాతో పోల్చి చూస్తాయి. రెండేళ్లు పనిచేశానని చెప్పి పీఎఫ్‌లో ఒక్క నెల కూడా లేకపోతే అక్కడే దొరికిపోతారు, కట్టిన లక్ష పోతుంది.

ఎంతకాలం ఆగాలి

ఆమె పరీక్షలు మానలేదు, మేం మానమని చెప్పనూ లేదు. ప్రభుత్వ ఉద్యోగం మన ఇళ్లల్లో జీతం కంటే ఎక్కువ, అది అందరికీ తెలిసిందే. కానీ ఏ పరీక్షకు ఎంత సమయం ఇవ్వాలో వేరు వేరుగా చూడాలి.

బ్యాంకు క్లర్కు పరీక్షకు వయసు 20 నుంచి 28, ఎస్సీలకు ఐదేళ్ల సడలింపుతో 33 దాకా ఉంది. సివిల్స్‌కు ఎస్సీలకు 37 దాకా వయసుంది, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు. ఎస్‌ఎస్‌సీ పరీక్షలకు ఎస్సీలకూ మహిళలకూ ఫీజు కూడా లేదు. ఈ సడలింపులు హక్కుగా వచ్చినవి. అయితే నియమం 33 దాకా ఆగుతుంది గానీ రెండు రూపాయల వడ్డీ ఆగదు. ఆమె గడువును వయసు బట్టి కాకుండా మొదటి కాగితం బట్టి పెట్టుకుంది: అప్పు 30,000 దాటకూడదు, ఇంటి నుంచి వచ్చే 5,000 వచ్చే జూన్‌తో ఆగాలి.

తర్వాత, చదువు ముందుకు పోతోందా లేదా అన్నది. కోచింగ్ సెంటర్ మాక్ టెస్టుల ర్యాంకులను నమ్మొద్దు. ఐబీపీఎస్ లాంటి సంస్థలు అసలు పరీక్ష అయ్యాక మీ మార్కులూ కటాఫ్‌లూ వెబ్‌సైట్‌లో పెడతాయి. వాటిని ప్రింటు తీసి దాచుకోండి. క్లర్కు ప్రిలిమ్స్ 100 మార్కులకు ఉంటుంది: ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35. మొదటిసారి ఆమె కటాఫ్‌కు 20 మార్కులు తక్కువలో ఉంది. రెండోసారి 6 తక్కువ. విడదీసి చూస్తే రీజనింగ్ బాగా పెరిగింది, ఇంగ్లీషు ఉన్నచోటే ఉంది. తేడా ఇలా తగ్గుతుంటే మూడోసారి రాయడం లెక్కకు నిలబడుతుంది. రెండుసార్లూ 20 దగ్గరే ఆగిపోతే అదే పద్ధతిలో ఇంకో ఏడాది చదవడం వృథా, పద్ధతన్నా మార్చాలి, పరీక్షన్నా మార్చాలి. ఇంకో సంగతి, ఎస్సీ కటాఫ్‌ను గురిగా పెట్టుకోవద్దు, జనరల్ కటాఫ్‌నే చూడండి. ఏ సడలింపూ వాడుకోకుండా ఓపెన్ మెరిట్‌లో ఎంపికైన ఎస్సీ అభ్యర్థిని ఎస్సీ కోటాలో లెక్కపెట్టకూడదని 1992 ఇంద్రా సహానీ తీర్పు నుంచీ ఉన్నదే. మీరు అటు వెళ్తే ఇటు ఇంకొకరికి చోటు.

రాష్ట్ర నోటిఫికేషన్లలో మొత్తం పోస్టుల అంకె చూసి గది అద్దెకు తీసుకోవద్దు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతాన్ని మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతంగా పంచారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ నెలలోనే వర్గీకరణ తెచ్చారు, అక్కడి శాతాలు వేరు. కాబట్టి మీ కులం ఏ గ్రూపులో ఉందో, ఆ గ్రూపుకు ఆ నోటిఫికేషన్‌లో ఎన్ని పోస్టులొచ్చాయో రోస్టర్ పట్టికలో చూడండి. అంకె రెండో మూడో అయితే ఆ పరీక్షను ప్రధానంగా పెట్టుకోవాలా అన్నది మళ్లీ ఆలోచించాల్సిందే. కేంద్ర ఉద్యోగాలకూ బ్యాంకులకూ ఈ వర్గీకరణ లేదు, అక్కడ ఎస్సీ అంతా ఒకటే.

ఇవన్నీ పెట్టుకుని ఆమె వేసుకున్న ప్లాన్ ఒక్క పేజీ. నెల రోజులు ఎక్సెల్, మెయిల్ రాయడం. తర్వాత రెండు నెలలు అకౌంట్స్ ఉద్యోగాలకు అప్లికేషన్లు, వారానికి ఐదు. షిఫ్టు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండి, కంపెనీ క్యాబ్ ఇంటిదగ్గర దింపే చోట్లకే ప్రాధాన్యం. అలాగైతే పొద్దున ఆరు నుంచి పది దాకా బ్యాంకు పరీక్షకు చదవొచ్చు. ఈ షిఫ్టు ఉపాయం కూడా ఆ సీనియర్ చెప్పిందే. గ్రూప్-2 నోటిఫికేషన్ వస్తే రాస్తుంది, దాని కోసం విడిగా ఆగదు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున చదవడం అందరి ఒంటికీ పడదు. మా ముగ్గురిలో ఒకరు నాలుగు నెలల్లో ఆరోగ్యం పాడై పరీక్షను ఏడాది వాయిదా వేశారు. ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

మూడో ఇంటర్వ్యూలో ఎంపికైంది, చేతికి 19,000. చేరేరోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారు. అవి కాలేజీలో ఉన్నాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని, 42,000 కడితేనే ఇస్తామని యాజమాన్యం పట్టుబట్టింది. విద్యాసంస్థలు విద్యార్థుల ఒరిజినల్స్ పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ నోటిఫికేషన్ కాపీ జతచేసి ప్రిన్సిపల్‌కు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోమన్నాం. ఒక కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఒకటి జిల్లా ఎస్సీ అభివృద్ధి అధికారికి పంపింది. ఈలోపు కంపెనీ హెచ్‌ఆర్‌కు పరిస్థితి మెయిల్‌లో రాసి, డిజీలాకర్‌లో ఉన్న మార్కుల మెమోలు పంపి, ఒరిజినల్స్‌కు ముప్పై రోజులు గడువు అడిగింది. యూనివర్సిటీ అప్‌లోడ్ చేసి ఉంటే డిజీలాకర్‌లోని పత్రాలు చట్టం ప్రకారం ఒరిజినల్‌తో సమానం. అందుకే ఫైనలియర్‌లో ఉండగానే ఖాతా తెరిచి అవి వచ్చాయో లేదో చూసుకోవాలి. గడువు ఇచ్చారు. కాలేజీ ఇరవై మూడో రోజున సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆమె మొదటి నెల జీతంలోంచి పది వేలు అప్పుకు కట్టింది, ఆ ఆదివారం ఆమె ఫోన్‌కు ఇద్దరు జూనియర్ల మెసేజ్‌లు వచ్చాయి.